సన్మాన సభలో సార్ మీద అభియోగ పత్రం: నొప్పించకుండా ఆటపట్టించే పద్ధతి

"మా లెక్కల సార్ రిటైర్ అవుతున్నారు. బ్యాచ్ తరఫున నన్ను మాట్లాడమన్నారు. అందరిలా పొగడకుండా కాస్త రోస్ట్ చేద్దామనుకుంటున్నా, ఎలా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పి అలసిపోయి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

సభ ఎలా ఉంటుందో ముందు కళ్ల ముందు పెట్టుకుందాం. జిల్లా పరిషత్ హైస్కూలు ఆవరణలో షామియానా. వేదిక మీద ఎంఈఓ, హెడ్మాస్టర్, సర్పంచ్, యూనియన్ నాయకుడు. మధ్యలో రెండు పెద్ద కుర్చీల్లో పూలదండలతో సార్, మేడమ్‌గారు. ముందు వరసలో నేల మీద ఇప్పటి పిల్లలు, వెనక కుర్చీల్లో పాత విద్యార్థులు, వాళ్లలో ఎప్పుడో టెన్త్ రాసి వెళ్లిన మీరు. మీ చేతికి మైకు ఐదు నిమిషాలు వస్తుంది.

## 1. నవ్వు ఎవరి మీద పడాలో తేల్చుకోండి

తెలుగు వాచకంలో వ్యాజస్తుతి అలంకారం చదివే ఉంటారు. పైకి నింద, లోపల స్తుతి. మనం చేయబోయేది అదే. స్నేహితుల మధ్య రోస్ట్‌లో ఎదుటివాణ్ణి ఎంత గట్టిగా కొడితే అంత మజా. గురువు విషయంలో ఆ లెక్క పనికిరాదు.

ఇక్కడ సూత్రం ఇది: ఆరోపణ సార్ మీద వేస్తాం, విన్నవాళ్ల నవ్వు మన మీద పడుతుంది, నవ్వు ఆగాక సార్ ఓపిక మిగులుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. "సార్ క్లాసంటే సగం మందికి నిద్రొచ్చేది" అన్నారనుకోండి. నవ్వుతారు. కానీ ఆ మాటకు అర్థం సార్‌కి పాఠం చెప్పడం రాదనే. ముప్ఫై ఏళ్ల వృత్తిని ఆఖరి రోజున కొట్టిపారేసినట్టే.

అదే మాటను ఇలా తిప్పండి: "సార్ క్లాసులో నిద్రపోయింది నేనొక్కణ్ణే. సార్ లేపేవారు కాదు. బెల్లు కొట్టాక నన్ను ఆపి, అదే లెక్క మొదటి నుంచి మొదలుపెట్టేవారు. అంతకంటే నాలుగు దెబ్బలు కొట్టి లేపినా బాగుండేది." ఇప్పుడు వెధవ మీరు. ఓపిక ఆయనది. నిద్ర మాత్రం అదే నిద్ర.

రాసిన ప్రతి చమత్కారాన్నీ ఈ తూకం వేయండి. నవ్వాక సార్ తక్కువయ్యారా, మీరు తక్కువయ్యారా? మొదటిదైతే కొట్టేయండి, ఎంత బాగున్నా సరే.

## 2. మూడు వారాల ముందు ఇంట్లోవాళ్లకు ఒక ఫోన్

అందరూ దాటేసే మెట్టు ఇదే. నేనూ ఒకసారి దాటేశాను. మా బ్యాచ్‌కి పాఠం చెప్పిన ఒక మాస్టారి సభలో, "ఐదేళ్లలో మాస్టారిని రెండే చొక్కాల్లో చూశాం, ఏది సోమవారమో ఏది మంగళవారమో చొక్కా చూసి చెప్పేవాళ్లం" అన్నాను. జనం విరగబడి నవ్వారు. మాస్టారూ నవ్వారు. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం తల దించుకున్నారు. అవి ఆయన ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసిన ఏళ్లని భోజనాల దగ్గర ఎవరో చెప్పారు. ఆ అన్నం నాకు దిగలేదు.

అందుకే ముందుగా సార్ కొడుకుకో కూతురికో ఫోన్ చేయండి. మేడమ్‌గారితో మీకు చనువుంటే ఆవిడకే చేయండి. మూడు విషయాలు అడిగితే చాలు:

- సార్ ఇంట్లో సరదాగా ఉంటారా, పదిమందిలో ఆటపట్టిస్తే ఇబ్బంది పడతారా?
- ముట్టుకోకూడని విషయం ఏదైనా ఉందా? అనారోగ్యం, ఇంట్లో జరిగిన నష్టం, అప్పటి ఇబ్బందులు, ఏదైనా.
- స్కూలు గురించి సార్ ఇంట్లో ఎక్కువగా చెప్పే కథ ఏది?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబు బంగారం. తన మీద తాను నవ్వుకుంటూ ఆయన ఇంట్లో చెప్పుకునే కథ ఏదో, దాని మీద మీరు ధైర్యంగా చెయ్యి వేయొచ్చు.

సార్‌కి ముందే చెప్పాలా? స్క్రిప్టు చెప్పక్కర్లేదు. "సార్, ఆ రోజు మిమ్మల్ని కాస్త ఆటపట్టిస్తాను, పర్మిషన్ ఇవ్వండి" అని ఒక్క మాట అడగండి. "వద్దులేరా" అని గట్టిగా అంటే మానేయండి. "ఏం చెప్తావో చెప్పు, నా దగ్గరా చాలా ఉన్నాయి" అంటే మీకు పచ్చజెండా ఊపినట్టే.

## 3. జ్ఞాపకాలు ఏరడం: ప్రశ్న మార్చి అడగండి

బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "సార్ గురించి జ్ఞాపకాలు పంపండి" అని పెడితే వచ్చేవి దండాల బొమ్మలు, "గ్రేట్ సార్" అనే రెండు మాటలు. వాటితో ఏమీ రాయలేం.

ఐదారుగురికి విడివిడిగా ఫోన్ చేసి ఇలా అడగండి:

- సార్ నిన్ను ఎప్పుడూ ఒకే మాట అనేవారు కదా, ఏంటది?
- సార్ నీ మీద బాగా విసుక్కున్న రోజు ఏం చేశావు?
- క్లాసులో అడుగు పెట్టగానే సార్ చేసే మొదటి పని ఏమిటి?
- సార్ మీ ఇంటికి ఎందుకొచ్చారు?

మాట, వస్తువు, వేళ. ఈ మూడూ ఉన్న జ్ఞాపకాలే పనికొస్తాయి. "సార్ చాలా ఓపికగా చెప్పేవారు" అంటే గాలిమాట. "సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేయరు, చివరికి బోర్డు మీద సుద్ద గీత కంటే గోరు గీత పెద్దగా వినపడేది" అంటే మనిషి కనిపిస్తాడు.

మొద్దులనిపించుకున్న వెనక బెంచీవాళ్లను తప్పకుండా అడగండి. ఫస్ట్ ర్యాంకు వాళ్లకు సార్ పాఠం గుర్తుంటుంది. లాస్ట్ బెంచీ వాళ్లకు సార్ గుర్తుంటారు.

## 4. జల్లెడ: ఏవి పక్కన పెట్టాలి

పదిహేను ఇరవై జ్ఞాపకాలు వస్తాయి. మిగలాల్సినవి మూడు. శరీరం, కులం, నత్తి, నడక జోలికి వెళ్లకూడదని ఎవరూ చెప్పక్కర్లేదు. తెలియక జారిపోయేవి వేరే ఉన్నాయి.

బెత్తం కథలు. పాత విద్యార్థులకు ఇవే నోటికొస్తాయి. గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె. కానీ విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. వేదిక మీద ఎంఈఓ, ముందు వరసలో పిల్లలు ఉండగా "సార్ కొడితే వాతలు తేలేవి" అంటే, ఆయన్ని ఆఖరి రోజున సంజాయిషీ చెప్పుకునే చోట నిలబెట్టినట్టే. చెప్పి తీరాలనిపిస్తే, కొట్టబోయి కొట్టకుండా ఆగిన కథ చెప్పండి.

వయసు. ఆ తరంలో చాలామందికి రికార్డుల్లో పుట్టినరోజు వేరు, అసలు పుట్టినరోజు వేరు. బడిలో వేసేటప్పుడు అయ్యవారు రాసుకున్నదే ఖాయమైపోయేది. "సార్ అసలు ఎప్పుడో రిటైర్ కావాలి" అని మీరు సరదాగా అన్నా, అది సర్వీసు రిజిస్టర్ మీద వేసిన రాయి. మీరు జోకేసి వెళ్లిపోతారు, ఆయన పెన్షన్ కాగితాలు ఇంకా ఆఫీసులోనే ఉంటాయి.

డబ్బు. జీతం, ట్యూషన్లు, పీఆర్సీ, చిట్టీలు, పాత స్కూటర్. ఏదీ వద్దు. పైన చెప్పిన చొక్కాల కథ చాలు.

మారుపేర్లు. ప్రతి సార్‌కీ పిల్లలు పెట్టిన పేరొకటి ఉంటుంది. అది ఆయనకు తెలుసు. మేడమ్‌గారికి తెలియకపోవచ్చు. ఇప్పటి పిల్లలకు తెలిస్తే ఊళ్లో బతికినన్నాళ్లూ ఆ పేరే.

ఇంకో టీచర్‌తో పోలిక. "సైన్స్ సార్‌లా కాకుండా" అని మొదలుపెట్టారంటే, ఒక సన్మానం, ఒక అవమానం ఒకే వేదిక మీద జరిగినట్టే.

టీచర్ మహిళైతే చీరలు, జడ, వంట, కోపం మీద చమత్కారాలు అసలొద్దు. మిగతా పద్ధతి అంతా ఇదే.

## 5. ఒక్కో ఆరోపణ కట్టడం

సభలో అందరూ సన్మాన పత్రం చదువుతారు. మీరు "అభియోగ పత్రం" చదవండి. ఈ ఎత్తుగడ ఎందుకు మంచిదంటే, కోర్టు భాష గంభీరంగా ఉంటుంది, అందులో వచ్చే నేరాలు చిల్లరగా ఉంటాయి. నవ్వు ఆ తేడాలోంచే పుడుతుంది. పైగా మీరు ఎకసెక్కపు గొంతు పెట్టక్కర్లేదు, సీరియస్‌గా చదివితే చాలు.

ప్రతి అభియోగానికి మూడు పాళ్లు:

1. నేరం. ఒకే వాక్యం, పెద్ద మాట. దొంగతనం, అబద్ధం, అక్రమ ప్రవేశం.
2. సాక్ష్యం. జరిగింది, మాటలతో వస్తువులతో సహా. నవ్వు ఇక్కడ వస్తుంది.
3. మలుపు. ఆ నేరం వల్ల నష్టపోయింది ఎవరో బయటపడే వాక్యం. ఇక్కడ సభ ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది.

మలుపు చిన్నదిగా ఉండాలి. చెప్పాక వివరించకండి. "అంత గొప్ప త్యాగమూర్తి మన సార్" అని ఒక తోక తగిలించారంటే కట్టిందంతా కూలిపోతుంది. ఎలాగూ అది మీ తర్వాత యూనియన్ నాయకుడు చెప్తాడు.

మలుపు దొరకని జ్ఞాపకాన్ని, ఎంత నవ్వొచ్చినా, భోజనాల దగ్గర చెప్పుకోవడానికి దాచుకోండి.

## 6. ఒక నమూనా, మొదటి నుంచి చివరి దాకా

నిదానంగా, నవ్వులకు ఆగుతూ చదివితే 400 మాటలకు దాదాపు 5 నిమిషాలు పడుతుంది. ఇది అంతకంటే చిన్నది. మీ సార్ కథలు పెట్టి, చట్రం మాత్రం వాడుకోండి.

"వేదిక మీద పెద్దలకు నమస్కారం. సార్‌కి, మేడమ్‌గారికి పాదాభివందనం. ఇప్పటిదాకా అందరూ సన్మాన పత్రాలు చదివారు. నేను మా బ్యాచ్ తరఫున అభియోగ పత్రం చదవడానికి వచ్చాను. సార్ మీద మొత్తం మూడు కేసులున్నాయి.

"మొదటి కేసు, అబద్ధం. సార్ ప్రతి లెక్కకు ముందు 'ఇది చాలా తేలిక' అనేవారు. త్రికోణమితి మొదలుపెడుతూ అన్నారు. తేలిక కాదు. సంభావ్యత మొదలుపెడుతూ అన్నారు. నేను పాసయ్యే సంభావ్యత ఎంతో ఆ రోజే నాకు అర్థమైంది. ఒకే లెక్క మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి కూడా నేను తల అడ్డంగా ఊపితే, 'నీకు అర్థం కాలేదంటే నేను సరిగా చెప్పలేదన్నమాట' అన్నారు. సార్, మీరు చెప్పిన వాటిలో పెద్ద అబద్ధం అదే.

"రెండో కేసు, దొంగతనం. సొత్తు: మా ఆటల పీరియడ్లు. వేదిక మీదున్న పీఈటీ సారే సాక్షి. వారానికి రెండు పీరియడ్లు, ఏడాదికి ముప్ఫై వారాలు వేసుకున్నా అరవై. సార్, ఈ గుణింతమైనా కరెక్టేనా? కబడ్డీలో ఇండియాకి ఆడాల్సినవాణ్ణి, సార్ వల్ల బ్యాంకులో కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఈ స్కూల్లోనే గోడ మీద టైంటేబుల్ చూశాను. మా ఆటల పీరియడ్ ఉన్న గడిలో సార్ పేరు దగ్గర 'లీజర్' అని ఉంది. పోయింది మా ఆట ఒక్కటే కాదన్నమాట.

"మూడో కేసు, అక్రమ ప్రవేశం. టెన్త్ పరీక్షలకు ముందు తెల్లవారుజామున నాలుగున్నరకు మా తలుపు కొట్టేవారు. మా నాన్న దొంగలనుకుని కర్ర తీసుకుని వెళ్లారు. బయట సార్, చేతిలో టార్చిలైటు. 'లేచాడా?' అన్నారు. లేవలేదండీ, ఇల్లంతా లేచింది, నేను తప్ప. నాలుగున్నరకు మా గుమ్మంలో ఉండాలంటే ఆయన తన ఇంట్లో ఎన్నింటికి లేచేవారో మాకు తెలీదు. మేడమ్‌గారికి తెలుసు.

"నేరాలు రుజువయ్యాయి. శిక్ష ఇది. రేపటి నుంచి సార్ ఉదయం ఏడింటిదాకా నిద్రపోవాలి. ఎవరి తలుపూ కొట్టకూడదు. కొట్టాలనిపిస్తే మా ఇంటి తలుపు కొట్టాలి. ఇప్పుడు మా అబ్బాయి టెన్త్."

ఎందుకిలా కట్టానో చెప్తాను. అబద్ధం కేసు ముందు పెట్టింది, అది అందరికీ తెలిసిన మాట కాబట్టి. "ఇది చాలా తేలిక" అనగానే వెనక నుంచి అరుపులొస్తాయి, మీ గొంతు వణుకు ఆ చప్పుడులో పోతుంది. దొంగతనం మధ్యలో పెట్టింది నవ్వు ఎక్కువ కాబట్టి. టార్చిలైటు కథ చివర్లో, ఎందుకంటే అది మేడమ్‌గారి దగ్గర ఆగుతుంది, సభ మొత్తం ఆవిడ వైపు తిరుగుతుంది. సార్ ఓపిక గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఆ ఓపికకు ఇంట్లో ఖర్చు పెట్టింది ఎవరో ఎవరూ అనరు.

శిక్ష దగ్గర మళ్లీ నవ్వించడం కావాలనే. కన్నీళ్లతో దిగితే తర్వాత మాట్లాడేవాళ్లకు కష్టం.

## 7. వేదిక మీద

ఎప్పుడు ఎక్కాలి. శాలువా కప్పడాలకు ముందు అస్సలు వద్దు. అప్పటికి సభ ఇంకా బిగుసుకుని ఉంటుంది. ఎంఈఓ, హెడ్మాస్టర్ మాట్లాడాక, సార్ స్పందనకు ఒకరిద్దరి ముందు దొరికితే అదే సరైన చోటు. యాంకరింగ్ చేసే టీచర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి.

పీఈటీ సార్‌కి కబురు. స్క్రిప్టులో ఎవరి పేరు వచ్చినా వాళ్లకు ముందు రోజే చెప్పండి. ఆయన వేదిక మీద నుంచి "అవును, నా పీరియడ్లే!" అని అరిస్తే మీరు రాయని నవ్వు ఒకటి ఉచితంగా వస్తుంది.

సంబోధన. ఎంత ఆటపట్టించినా "మీరు", "సార్" జారకూడదు. అభియోగం ఎంత పెద్దదైతే మర్యాద అంత ఎక్కువుండాలి. "సార్‌గారు దొంగతనం చేశారు" అన్నప్పుడు ఆ "గారు"లోనే సగం నవ్వుంది.

మిమిక్రీ. ఆయన ఊతపదం ఒక్కసారి ఆయన గొంతులో అంటే ముద్దు. మూడుసార్లంటే వెక్కిరింత.

కాగితం. చూసి చదవండి. అభియోగ పత్రమన్నాక కాగితం ఉండటమే అందం. ఫోన్ చూసి చదివితే వాట్సాప్ ఫార్వర్డ్ అనుకుంటారు.

## 8. తేడా కొడితే

*నవ్వు రాలేదు.* సౌండ్ బాక్సుల మోతలో సగం మందికి వినపడి ఉండదు. మళ్లీ చెప్పకండి, "నవ్వండి" అని అడుక్కోకండి. నేరుగా మలుపు వాక్యానికి వెళ్లిపోండి. అది జోకు మీద ఆధారపడదు.

*సార్ ముఖం మారింది.* కింద ఒక స్నేహితుణ్ణి ఇందుకోసమే కూర్చోబెట్టండి. వాడి పని మిమ్మల్ని చూడటం కాదు, సార్‌ని, మేడమ్‌గారిని చూడటం. చెయ్యి ఎత్తాడంటే ఆ కేసు "కొట్టివేయడమైనది" అని తర్వాతి కేసుకు వెళ్లండి. కోర్టు చట్రం వల్ల ఈ సౌకర్యం ఉంది.

*వెనక బ్యాచ్‌వాడు మారుపేరు అరిచాడు.* వినపడనట్టు ఉండండి. జవాబిస్తే అది సభ మొత్తానికి వినపడుతుంది.

*సార్ కళ్లు తుడుచుకుంటున్నారు.* ఆగండి. నీళ్ల గ్లాసు అందించే వాళ్లుంటారు. ఆయన తలెత్తాక శిక్ష చదవండి, ముందు కాదు.

*సమయం తగ్గించమన్నారు.* "రెండు నిమిషాల్లో ముగించండి" అనే చీటీ ప్రతి సభలోనూ వస్తుంది. అప్పుడు మొదటి రెండు కేసులు వదిలేసి మూడోది, శిక్ష చదవండి. అది విడిగా నిలబడేలా ముందే చూసుకోండి.

## 9. బయల్దేరే ముందు

- ఇంట్లోవాళ్లతో మాట్లాడానా? వద్దన్నది ఏదైనా స్క్రిప్టులో మిగిలిందా?
- ప్రతి కేసులోనూ చివరికి మొద్దు నేనేనా?
- బెత్తం, వయసు, డబ్బు, మారుపేరు: నాలుగూ లేవు కదా?
- పేరు వచ్చిన వాళ్లందరికీ చెప్పానా?
- గట్టిగా చదివి గడియారం చూశానా? ఆరు నిమిషాలు దాటితే ఒక కేసు తీసేశానా?
- మా సార్ దగ్గర చదవని ఒకరికి వినిపించానా? వాళ్లకు సార్ మీద గౌరవం పెరిగిందా, జాలి కలిగిందా? జాలి కలిగితే మళ్లీ రాయాలి.
- పెద్ద అక్షరాలతో ఒకే వైపు రాసిన కాగితాలు, అంకెలు వేసి, జేబులో ఉన్నాయా?

దిగాక వెనక్కి వెళ్లిపోకండి, ముందు వరసలో కూర్చోండి. స్పందన సార్‌దే, మైకు ఆఖరున ఆయన చేతికే వస్తుంది. మీ క్వార్టర్లీ మార్కులు ఆయనకు ఇంకా గుర్తుండొచ్చు.